కాటా చూపని గ్రాములు: విస్తృతిని సమాకలనంతో లెక్కగట్టే తీరు

ఒక అంతరంలోని ఏ విలువనైనా తీసుకోగలిగిన, ముందుగా చెప్పలేని రాశిని గణితంలో అవిచ్ఛిన్న యాదృచ్ఛిక చలరాశి అంటారు. వస్తువు బరువు, బస్సు కోసం నిరీక్షించే సమయం, కొలతలో దొర్లే తప్పు ఇలాంటివే. వీటి సగటు తెలిస్తే సగం సంగతే తెలిసినట్టు. విలువలు ఆ సగటుకు దగ్గరగా గుమిగూడాయా, దూరదూరంగా చెదిరాయా అన్నది మిగతా సగం. ఆ చెదురుదనాన్ని ఒక్క సంఖ్యలో చెప్పేదే విస్తృతి. దాని వర్గమూలం ప్రామాణిక విచలనం. ఈ రెండింటినీ రాబట్టడానికి x వర్గాన్ని సాంద్రతా ప్రమేయంతో గుణించి సమాకలనం చేయాలి. ఆ పని ఎలా సాగుతుందో ఎలక్ట్రానిక్ కాటా మీద తూకంతో చూడవచ్చు.

తప్పుకు ఒక సాంద్రత

పది గ్రాముల మెట్టున్న కాటాను తీసుకుందాం. దాని తెర మీద 240, 250, 260 వంటి అంకెలే కనిపిస్తాయి. మధ్యలోని గ్రాములు కనిపించవు. ఈ కాటా మిగులు గ్రాములను వదిలేసి కింది పదిని మాత్రమే చూపుతుందనుకుందాం. నిండిన ఏళ్లలో వయసు చెప్పే పద్ధతి కూడా ఇదే. 247 గ్రాముల వస్తువు పెడితే 240 అని చూపుతుంది. 7 గ్రాములు లెక్కలోకి రావు. ఇలా లెక్కలోకి రాని గ్రాములను X అందాం. అది 0 నుంచి 10 వరకు ఎంతైనా కావచ్చు.

దుకాణంలో తూచే సరుకుల బరువులు కొన్ని వందల గ్రాముల మేర మారుతూ ఉంటాయి. కాబట్టి పదిలో మిగిలే గ్రాములు ఫలానా చోటే ఎక్కువగా పడతాయని చెప్పడానికి కారణం లేదు. 0 నుంచి 10 వరకు ప్రతి చోటికీ సమాన అవకాశం ఇవ్వడమే న్యాయం. అప్పుడు సాంద్రతా ప్రమేయం ఇలా ఉంటుంది:

f(x) = 1/10, 0 ≤ x ≤ 10

ఈ 1/10 సంభావ్యత కాదు. X సరిగ్గా 7 గ్రాములయ్యే సంభావ్యత సున్నా, 7కూ 7.5కూ మధ్య పడే సంభావ్యత మాత్రం 0.5 × 1/10, అంటే 0.05. సాంద్రతను వెడల్పుతో గుణిస్తేనే సంభావ్యత వస్తుంది. మొత్తం వెడల్పు 10 కాబట్టి రేఖ కింది వైశాల్యం 10 × 1/10 = 1. ఏ లెక్క మొదలుపెట్టినా ముందు చూసుకోవలసింది ఈ ఒకటినే. వైశాల్యం 1 కాకపోతే ఆపై వచ్చే సగటుకు గానీ విస్తృతికి గానీ అర్థం ఉండదు.

మొత్తం నుంచి సమాకలనానికి

విలువలు విడివిడిగా ఉన్నప్పుడు ఒక్కో విలువ వర్గాన్ని దాని సంభావ్యతతో గుణించి కూడితే వర్గాల సగటు వస్తుంది. విలువలు ఎడతెగకుండా ఉన్నప్పుడూ అదే పని చేయాలి. అందుకు ముందు అంతరాన్ని పట్టీలుగా కోయాలి. 0 నుంచి 10 వరకు ఉన్న దూరాన్ని ఒక్కో గ్రాము వెడల్పున పది పట్టీలు చేద్దాం. ప్రతి పట్టీకీ సంభావ్యత 1/10. పట్టీల మధ్య బిందువులు 0.5, 1.5, 2.5 ఇలా 9.5 దాకా ఉంటాయి. వాటి వర్గాలు 0.25, 2.25, 6.25 ఇలా పెరిగి 90.25 వద్ద ఆగుతాయి. పదింటినీ కూడితే 332.5, పదో వంతు 33.25.

పట్టీలను ఇంకా సన్నగా, 0.1 గ్రాము వెడల్పున వంద చేస్తే మొత్తం 33.3325 అవుతుంది. పట్టీ వెడల్పు సున్నాకు చేరుతున్న కొద్దీ ఈ మొత్తం ఒక సంఖ్య దగ్గర స్థిరపడుతుంది. అదే సమాకలనం:

E(X²) = ∫ x² f(x) dx = ∫₀¹⁰ x²/10 dx = 1000/30 = 33.33

సగటు కూడా ఇలాగే వస్తుంది. X² స్థానంలో x పెడితే చాలు:

μ = ∫₀¹⁰ x/10 dx = 100/20 = 5

అంటే ఈ కాటా సగటున 5 గ్రాములు తక్కువ చూపుతుంది. ఇది ఊహకు అందేదే. 33.33 మాత్రం అంత తేలిగ్గా అర్థం కాదు, ఎందుకంటే అది ఇంకా విస్తృతి కాదు.

విస్తృతి అంటే సగటు నుంచి దూరం

విస్తృతి అడిగేది సున్నా నుంచి దూరాన్ని కాదు, సగటు నుంచి దూరాన్ని. ఒక్కో విలువ సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాన్ని వర్గం చేసి, సాంద్రత ప్రకారం సగటు తీయాలి. నిర్వచనం ఇది:

σ² = ∫ (x − μ)² f(x) dx

దూరాలను వర్గం చేయకుండా ఉన్నవి ఉన్నట్టు సగటు తీస్తే సగటుకు ఎడమవైపు రుణాలూ కుడివైపు ధనాలూ కొట్టుకుపోయి ఎప్పుడూ సున్నాయే మిగులుతుంది. వర్గం చేయడం వల్ల రెండు వైపుల దూరాలూ లెక్కలో నిలుస్తాయి. దగ్గరి విలువల కంటే దూరపు విలువలకు బరువు బాగా పెరుగుతుంది కూడా. రెండు గ్రాముల దూరం 4 ఇస్తే, నాలుగు గ్రాముల దూరం 16 ఇస్తుంది.

నిర్వచనంలోని (x − μ)²ను విప్పితే మూడు ముక్కలవుతాయి: x², −2μx, μ². మొదటిదాన్ని f(x)తో గుణించి సమాకలనం చేస్తే E(X²) వస్తుంది. రెండోదానిలో ∫ x f(x) dx అంటే మళ్లీ μయే కాబట్టి ఆ ముక్క −2μ² అవుతుంది. మూడోదానిలో మొత్తం వైశాల్యం 1 కాబట్టి μ² మిగులుతుంది. మూడూ కలిపితే:

σ² = E(X²) − μ²

చేతి లెక్కకు ఇదే సులువైన దారి. కాటా విషయంలో 33.33 − 25 = 8.33. వర్గమూలం తీస్తే 2.89. సగటు చుట్టూ తప్పు చెదిరిన తీరుకు ఇదే కొలత.

ఇప్పుడు అదే కాటాను దగ్గరి పదికి సవరించి చూపేలా మార్చారనుకుందాం. 247 పెడితే 250 అని, 243 పెడితే 240 అని చూపుతుంది. అసలు బరువులోంచి తెర మీది అంకెను తీసేస్తే తప్పు −5 నుంచి +5 మధ్య ఉంటుంది; సాంద్రత మళ్లీ 1/10. ఈసారి సగటు సున్నా, E(X²) నేరుగా 250/30 = 8.33. తీసేయవలసిందేమీ లేదు. విస్తృతి మాత్రం రెండు కాటాలకూ ఒక్కటే. విలువలన్నీ ఒకే దూరం పక్కకు జరిగితే సగటు మారుతుంది, చెదురుదనం మారదు. మొదటి కాటాలో 33.33గా కనిపించిన సంఖ్యలో 25 వంతు పక్కకు జరగడం వల్ల వచ్చింది, 8.33 మాత్రమే చెదరడం వల్ల వచ్చింది.

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివినవారు ఈ సంఖ్యలను మరోచోట చూసే ఉంటారు. ఏకరీతి కడ్డీ జడత్వ భ్రామకం దాని మధ్య బిందువు గుండా లంబంగా పోయే అక్షం చుట్టూ ML²/12, కొన గుండా పోయే సమాంతర అక్షం చుట్టూ ML²/3. ద్రవ్యరాశి 1, పొడవు 10 అనుకుంటే మొదటిది 8.33, రెండోది 33.33. రెండింటి మధ్య తేడా 25, అంటే మధ్య బిందువుకూ కొనకూ మధ్య దూరం వర్గం. E(X²) − μ² అనే సూత్రం సమాంతర అక్షాల సిద్ధాంతానికి సంభావ్యతా శాస్త్రంలోని రూపం. ద్రవ్యరాశి స్థానంలో సంభావ్యత ఉంది, ద్రవ్యరాశి కేంద్రం స్థానంలో సగటు ఉంది.

వర్గమూలం ఎందుకు

తప్పును గ్రాముల్లో కొలిచినప్పుడు విస్తృతి గ్రాముల వర్గాల్లో వస్తుంది. ఆ ప్రమాణాన్ని తూకంతో పోల్చలేం. వర్గమూలం తీస్తే మళ్లీ గ్రాములే వస్తాయి. ప్రామాణిక విచలనం అన్న భావనకు కార్ల్ పియర్సన్ 1890ల్లో పేరు పెట్టారు. విస్తృతికి ఆంగ్లంలో ఇప్పుడున్న పేరును ఆర్. ఎ. ఫిషర్ 1918లో ఒక పరిశోధన పత్రంలో వాడారు.

మెట్టు వెడల్పు h అయితే సవరింపు తప్పుకు విస్తృతి h²/12, ప్రామాణిక విచలనం h/√12. కొలతల ప్రయోగశాలల్లో దీన్ని మరో రూపంలో రాస్తారు: సగం మెట్టును a అంటే, a/√3. ఐఎస్ఓ ద్వారా 1993లో వెలువడిన కొలతల అనిశ్చితి మార్గదర్శిలోనూ ఈ సూత్రం ఉంది. పరికరం తెర మీది చివరి అంకె వల్ల వచ్చే అనిశ్చితిని లెక్కగట్టేటప్పుడు నేటికీ దీన్నే వాడతారు.

ఈ 2.89 గ్రాములను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సగటుకు ఒక ప్రామాణిక విచలనం లోపల 68 శాతం విలువలు ఉంటాయన్న మాట బాగా ప్రచారంలో ఉంది. అది గంట ఆకారపు సాధారణ విభాజనానికి మాత్రమే చెల్లుతుంది. మన కాటాలో −2.89 నుంచి +2.89 వరకు వెడల్పు 5.77, దాన్ని 1/10తో గుణిస్తే 57.7 శాతమే. ఎంత శాతం విలువలు లోపల పడతాయో సాంద్రత ఆకారం చెబుతుంది గానీ ప్రామాణిక విచలనం ఒక్కటే చెప్పలేదు.

గిన్నెతో తూచినప్పుడు

సరుకును గిన్నెలో పోసి తూచి, ఖాళీ గిన్నె బరువును తీసేస్తే రెండు అంకెలు లెక్కలోకి వస్తాయి. రెండింటిలోనూ సవరింపు తప్పు ఉంటుంది. ఒక్కో తప్పు −5 నుంచి +5 వరకు ఉంటే వాటి తేడా −10 నుంచి +10 వరకు పోవచ్చు. కానీ కొసలకు చేరడం అరుదు. తేడా +10 కావాలంటే ఒక తప్పు +5, రెండోది −5 ఒకేసారి కావాలి. తేడా సున్నా దగ్గర ఉండటానికి మాత్రం ఎన్నో జతలున్నాయి. రెండు తప్పులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే తేడా సాంద్రత సున్నా దగ్గర శిఖరంతో త్రిభుజాకారంలో ఉంటుంది:

f(x) = (10 − |x|)/100, −10 ≤ x ≤ 10

త్రిభుజం భూమి 20, ఎత్తు 1/10; వైశాల్యం సగం × 20 × 1/10 = 1. సరిపోయింది. రెండు వైపులా ఒకేలా ఉంది కాబట్టి సగటు సున్నా. కుడి సగానికి సమాకలనం చేసి రెట్టింపు చేస్తే:

E(X²) = (2/100) ∫₀¹⁰ x²(10 − x) dx = (2/100)(3333.33 − 2500) = 16.67

విస్తృతి 16.67, ప్రామాణిక విచలనం 4.08 గ్రాములు. విస్తృతి సరిగ్గా 8.33కు రెట్టింపు, ప్రామాణిక విచలనం మాత్రం 2.89కి రెట్టింపు కాదు, √2 రెట్లే. సంబంధం లేని తప్పులు కలిసినా, ఒకదాన్నించి ఒకటి తీసినా విస్తృతులే కూడతాయి. ప్రామాణిక విచలనాలు కూడవు. లెక్కలన్నీ విస్తృతితో నడిపి చివర మాత్రమే వర్గమూలం తీయడానికి కారణం ఇదే. ఈ త్రిభుజంలో ఒక ప్రామాణిక విచలనం లోపల పడే వాటా దాదాపు 65 శాతం. ఆకారం గంటకు దగ్గరవుతున్న కొద్దీ ఆ వాటా కూడా 68కి దగ్గరవుతోంది.

ఇదే లెక్కను రోజుకు వంద తూకాలు వేసే దుకాణానికి పెడితే ఫలితం ఉపయోగంగా ఉంటుంది. ప్రతి తూకంలో 5 గ్రాముల వరకు తప్పు రావచ్చు కాబట్టి వందకు 500 గ్రాముల దాకా తేడా రావచ్చని భయపడనక్కరలేదు. విస్తృతుల మొత్తం 833.3, వర్గమూలం 28.9 గ్రాములు. మొత్తం తప్పు దాదాపు ఎప్పుడూ 60 గ్రాముల లోపే ఉంటుంది. అయితే ఇది దగ్గరి పదికి సవరించే కాటాకే వర్తిస్తుంది. కింది పదికి దించే కాటాలో విస్తృతి అంతే అయినా, తూకానికి 5 గ్రాముల చొప్పున వందకు 500 గ్రాములు ఖాయంగా తగ్గుతాయి. చెదురుదనం వల్ల వచ్చే తప్పులు ఒకదాన్నొకటి చాలావరకు చెరిపేసుకుంటాయి. సగటులో ఉన్న తప్పు మాత్రం పోగుపడుతూనే ఉంటుంది.

మరో షరతు కూడా ఉంది. తప్పులకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు. 243 గ్రాముల ఒకే పొట్లాన్ని వందసార్లు తూచినా స్థిరమైన కాటా వందసార్లూ 240 అనే చూపుతుంది. సగటు తీసినా 3 గ్రాముల తప్పు పోదు. యంత్రంతో నింపిన, బరువులో ఒకటి రెండు గ్రాముల తేడా కూడా లేని పొట్లాలకూ ఇంతే. అక్కడ f(x) = 1/10 అన్న మొదటి మాటే చెల్లదు.

ఎక్కడ తప్పుతుంది, ఎలా పట్టుకోవాలి

విద్యార్థుల లెక్కల్లో ఎక్కువగా కనిపించే తప్పు E(X²)నే విస్తృతిగా రాసేయడం. మొదటి కాటాకు అలా చేస్తే విస్తృతి 33.33, ప్రామాణిక విచలనం 5.77 వస్తాయి. ఇది తప్పని మళ్లీ లెక్క చేయకుండానే చెప్పవచ్చు. విలువలన్నీ ఒక అంతరంలో ఉన్నప్పుడు ప్రామాణిక విచలనం ఆ అంతరంలో సగాన్ని మించదు. సగం విలువలు ఒక కొసన, సగం రెండో కొసన చేరితేనే అది సగాన్ని తాకుతుంది. 0 నుంచి 10 వరకు ఉన్న అంతరంలో సగం 5 కాబట్టి 5.77 అసాధ్యం. ఇంకొకరు μ²ను తీసేయబోయి μను తీస్తారు. అప్పుడు గ్రాముల వర్గంలోంచి గ్రాములు తీసినట్టవుతుంది. ప్రమాణాలు పక్కన రాసుకుంటే అది వెంటనే కనబడుతుంది. విస్తృతి రుణ సంఖ్యగా వస్తే ఎక్కడో కచ్చితంగా పొరపాటు జరిగినట్టే, ఎందుకంటే వర్గాల సగటు ఎప్పుడూ రుణం కాదు.

ఇంకో తప్పు సూత్రంలో ఉండదు, అంకెల్లో దాగుతుంది. 1000 నుంచి 1010 వరకు సమాన సాంద్రత ఉన్న చలరాశిని తీసుకుందాం. E(X²) = 1010033.33, μ² = 1005² = 1010025. తేడా మళ్లీ 8.33. కానీ లెక్క మధ్యలో ఆరు అంకెలకు సవరిస్తే రెండూ 1010030 అవుతాయి; విస్తృతి సున్నా అని తేలుతుంది. దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యల తేడా తీసినప్పుడు అసలు సమాచారమున్న చివరి అంకెలే ముందు పోతాయి. కంప్యూటర్ కూడా పరిమిత అంకెలతోనే పనిచేస్తుంది కాబట్టి దానికీ ఈ బెడద తప్పదు. ఉపాయం తేలికే. ప్రతి విలువలోంచి ముందు 1000 తీసేసి లెక్కించాలి, లేదా (x − μ)² రూపాన్నే వాడాలి. పక్కకు జరిపినా విస్తృతి మారదన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది.

చివరిగా, విస్తృతి ఉండనే ఉండని సందర్భాలూ ఉన్నాయి. x విలువ 1 నుంచి అనంతం వరకు పోతూ సాంద్రత f(x) = 2/x³ అనుకుందాం. వైశాల్యం 1 వస్తుంది. సగటు ∫ 2/x² dx, 1 నుంచి అనంతం వరకు, సరిగ్గా 2. కానీ x²తో గుణిస్తే లోపల మిగిలేది 2/x. దాని సమాకలనం 2 ln x. x వెయ్యి దాకా తీసుకుంటే 13.8, పది లక్షల దాకా తీసుకుంటే 27.6, ఎంత దూరం పోయినా ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. సాంద్రత తోక సన్నగానే కనిపించినా x² దాన్ని మించిపోయింది. ఇలాంటి రాశి నుంచి నమూనాలు తీసి కంప్యూటర్‌తో లెక్కిస్తే ప్రతిసారీ ఏదో ఒక ప్రామాణిక విచలనం వస్తుంది. నమూనా పెంచుతున్న కొద్దీ అది స్థిరపడకుండా అప్పుడప్పుడూ ఒక పెద్ద విలువ తగిలినప్పుడల్లా ఎగబాకుతుంది. అలా కనిపిస్తే ఆ సంఖ్యను నమ్మకూడదు.

కాబట్టి లెక్కకు వరస ఇది: ముందు వైశాల్యం 1 అవుతుందో లేదో చూడాలి, ∫ x f(x) dxతో సగటు తీయాలి, ∫ x² f(x) dx పరిమితంగా ఉందని తేల్చుకోవాలి, అందులోంచి సగటు వర్గం తీసేయాలి, చివర వర్గమూలం తీయాలి. విలువలు ఒక అంతరంలో ఉంటే, వచ్చిన ప్రామాణిక విచలనం ఆ అంతరంలో సగాన్ని మించలేదని చూసుకున్నాకే జవాబు రాయాలి.